టీ విరామంలో పిచ్చాపాటి

నెట్‌వర్కింగ్ మీట్‌లో ఉపన్యాసాలకంటే టీ విరామానికే గిరాకీ ఎక్కువ. చాలామంది అసలు వచ్చేది ఆ ఇరవై నిమిషాల కోసమే. ముక్కూమొహం తెలియని మనిషితో అక్కడ సాగే నాలుగైదు నిమిషాల మాటల్ని స్మాల్ టాక్ అంటున్నారు. తెలుగులో దానికి పిచ్చాపాటి అనీ, లోకాభిరామాయణం అనీ ఎప్పటినుంచో పేర్లున్నాయి. పేర్లలో కాస్త చులకన ధ్వనించినా అది చేసే పని చిన్నదేం కాదు. సమాచారం చెప్పడానికి కాకుండా మనుషుల్ని కలపడానికే పుట్టే మాటలు ప్రతి సమాజంలోనూ ఉంటాయని మానవశాస్త్రవేత్త బ్రోనిస్లా మాలినోవ్‌స్కీ 1923లో రాశాడు. "భోంచేశారా?" అని అడిగే మనిషికి ఆ పూట కూరేమిటో అక్కర్లేదు. పలకరించడమే అక్కడ పని.

మీట్‌లో పిచ్చాపాటికి ఇంకో పని కూడా ఉంది. ఈ పరిచయాన్ని ముందుకు తీసుకెళ్లాలా వద్దా అన్నది ఇద్దరూ ఆ కొద్ది నిమిషాల్లోనే తేల్చుకోవాలి. అందుకే ఎండల గురించీ ట్రాఫిక్ గురించీ మాట్లాడి ఆగిపోతే సగమే అయినట్టు.

హైదరాబాద్‌లో చిన్న పరిశ్రమల వాళ్ల సమావేశం ఒకటి జరుగుతోందనుకుందాం. వేరుశనగ నూనె గానుగ ఆడించి అమ్మే ఒకావిడ అక్కడికి వచ్చింది. హాల్లో ఆమెకు తెలిసినవాళ్లు ముగ్గురున్నారు. మొదటి చిక్కు వాళ్లే. కొలంబియా విశ్వవిద్యాలయానికి చెందిన పాల్ ఇంగ్రామ్, మైకేల్ మోరిస్ 2007లో ప్రచురించిన ఒక పరిశీలనలో వ్యాపారవేత్తలకు ఎలక్ట్రానిక్ బ్యాడ్జీలు తగిలించి, పార్టీలో ఎవరు ఎవరితో ఎంతసేపు ఉన్నారో చూశారు. కొత్తవాళ్లను కలవడానికే వచ్చామని ముందుగా చెప్పినవాళ్లు తీరా చూస్తే దాదాపు సగం సమయం పాత పరిచయస్తుల దగ్గరే గడిపారు. కాబట్టి తెలిసినవాళ్లను పలకరించి, కుశలం అడిగి, పక్కకు జరగాల్సిందే.

ఎవరి దగ్గరికి వెళ్లాలన్నది వాళ్లు నిలబడ్డ తీరే చెబుతుంది. ఇద్దరు భుజాలు తిప్పకుండా ఎదురెదురుగా నిలబడితే ఆ మాటల్లోకి మూడోమనిషి దూరకూడదు. అదే ఇద్దరూ కొంచెం పక్కలకు తిరిగి, మధ్యలో ఒకరు పట్టేంత ఖాళీ వదిలితే వెళ్లవచ్చు. ఒంటరిగా కప్పు పట్టుకుని ఫోన్ చూసుకుంటున్నవాళ్ల దగ్గరికి వెళ్లడం అన్నిటికన్నా తేలిక. చాలాసార్లు ఆ ఫోన్‌లో చూడాల్సిందేమీ ఉండదు. టీ కోసం వరసలో ఉన్నవాళ్ల ధ్యాస టీ మీదే ఉంటుంది కనుక, కప్పు తీసుకుని బయటికి వచ్చే చోట నిలబడటం మేలు. కప్పు ఎడమచేతిలో ఉంటే కుడిచేయి తడి లేకుండా ఖాళీగా ఉంటుంది. రెండు చేతులూ నిండి ఉంటే తల వంచి "నమస్కారమండీ" అంటే చాలు.

మొదటి మాటకు తెలివితేటలు అక్కర్లేదు. ఇద్దరికీ కనిపిస్తున్నదో, ఇద్దరూ విన్నదో పట్టుకుంటే సరిపోతుంది. "ఇందాక ఎగుమతుల మీద మాట్లాడినప్పుడు మీరూ లోపలే ఉన్నారు కదండీ? మీకు పనికొచ్చేదేమైనా దొరికిందా?" అన్న పలకరింపు మామూలుగానే ఉంటుంది కానీ పని చేస్తుంది. అవతలి మనిషికి జవాబు తెలుసు. ఇష్టముంటే పొడిగించవచ్చు, లేకపోతే నవ్వి ఊరుకోవచ్చు. "సమావేశం బాగుంది కదండీ" అంటే మాత్రం "బాగుందండీ" అన్న జవాబుతో మాట అక్కడే ఆగిపోతుంది.

తెలుగువాళ్లకు తరతరాలుగా అలవాటైన ఆరంభం "మీదే ఊరండీ?" ఊరి దగ్గరే ఆగితే దానంత మంచి ప్రశ్న లేదు. ఒక బస్టాండో, ఒక హోటలో, ఒక కాలేజీయో ఇద్దరికీ కలుస్తుంది. కానీ ఊరి తర్వాత ఇంటిపేరు, ఆ తర్వాత "అక్కడ ఫలానావాళ్లు మీకేమవుతారు?" అని సాగితే, కులం కోసం తవ్వుతున్నారని ఎదుటివారికి ఇట్టే తెలిసిపోతుంది. పని మాట్లాడుకునే చోట "మీ యూనిట్ ఎక్కడండీ?" అని అడిగితే ఊరూ తెలుస్తుంది, అనుమానమూ రాదు. జీతం, టర్నోవర్, పెళ్లి, పిల్లలు రైల్లో ఎదుటి సీటువారిని అడిగినంత చనువుగా ఇక్కడ అడిగేవి కావు. ఆడవాళ్లను పనికంటే ముందు కుటుంబం గురించి అడగడం మరీ వెగటుగా ఉంటుంది.

తన సంగతి చెప్పుకోవాల్సి వచ్చినప్పుడు చాలామంది ఒక్క ముక్కలో తేల్చేస్తారు. "ఆయిల్ బిజినెస్ అండీ" అంటే వినేవారికి పట్టుకోవడానికేమీ దొరకదు. "వేరుశనగ నూనె చెక్క గానుగలో ఆడించి అమ్ముతామండీ, ఈమధ్యే రెండో గానుగ పెట్టాం" అంటే అందులోనే రెండు ప్రశ్నలకు దారి ఉంది. చెక్క గానుగ ఎందుకో అడగవచ్చు, రెండోది ఎందుకు పెట్టాల్సి వచ్చిందో అడగవచ్చు.

సంభాషణ నిలబడేదీ పడిపోయేదీ రెండో ప్రశ్న దగ్గరే. హార్వర్డ్‌లో కరెన్ హ్వాంగ్, ఆమె సహచరులు 2017లో ప్రచురించిన అధ్యయనాల్లో ఎక్కువ ప్రశ్నలడిగినవాళ్లు ఎదుటివారికి ఎక్కువ నచ్చారని తేలింది. ఆ ఇష్టానికి ముఖ్యకారణం ప్రశ్నల సంఖ్య కాదు, అప్పుడే విన్న జవాబు మీద అడిగిన ప్రశ్నలు. విషయం మార్చే ప్రశ్నకూ, "మరి మీరు?" అని తిప్పికొట్టే ప్రశ్నకూ ఆ బలం లేదు. జవాబును విన్న మనిషి మాత్రమే అనుబంధ ప్రశ్న వేయగలడు కాబట్టి, విన్నారన్నదానికి అదే రుజువు.

గానుగ నూనె ఆవిడకు టీ దగ్గర ఒకాయన తగిలాడు. ప్లాస్టిక్ సీసాలు చేస్తామనీ, అవి నూనెలకూ పచ్చళ్లకూ ఎక్కువగా వెళ్తాయనీ చెప్పాడు. ఇక్కడ నోటికి వచ్చే మాట "అలాగా, మాదీ నూనే నండీ, మేమైతే…" అన్నది. అమెరికన్ సామాజికశాస్త్రవేత్త చార్లెస్ డెర్బర్ దీన్ని సంభాషణను తనవైపు లాక్కునే జవాబుగా గుర్తించాడు. చెడు ఉద్దేశమేమీ లేకపోయినా అవతలి మనిషి కథ అక్కడే తెగిపోతుంది. ఆమె అలా లాక్కోకుండా ఇలా అడిగింది.

"పచ్చళ్లకీ నూనెకీ ఒకే సీసా పనికొస్తుందాండీ?"

"అస్సలు రాదండీ. పచ్చడికి చెంచా దూరాలి కాబట్టి మూతి వెడల్పుండాలి. నూనెకి సన్నమూతి. ఏదైనా సరే, మాకు ఫిర్యాదులన్నీ మూతల మీదే వస్తాయి."

"మూతలతో ఏమిటండీ ఇబ్బంది?"

"లారీలో పెట్టె ఒరిగితే కారుతుంది. అందుకే మూత కింద రేకు సీలు వేసుకోమని చెబుతున్నాం."

"మాకూ అదే గొడవండీ. గానుగ నూనె పార్సిల్ పంపితే పెట్టెకొక సీసా అయినా కారుతుంది. ఆ సీలుకి పెద్ద మెషిన్ కావాలా, మాలాంటి చిన్న యూనిట్‌లో కుదురుతుందా?"

"చేత్తో పట్టుకుని వేసే మెషిన్లు ఉన్నాయండీ. రోజుకి కొన్ని సీసాలే అయితే అవి చాలు."

మొదటి ప్రశ్నకు ఆయన అడిగినదానికంటే ఒక మాట ఎక్కువే చెప్పాడు, ఫిర్యాదులన్నీ మూతల మీదేనని. మనిషి తనంతట తాను జారవిడిచిన అలాంటి మాట దగ్గరే రెండో ప్రశ్న వేయాలి. ఆయనకు చెప్పాలని ఉన్నది అదే. మూడోసారి ఆమె ఉత్త ప్రశ్న వేయలేదు, ముందు తన కష్టం చెప్పుకుంది. ఆ ఒక్క వాక్యం లేకపోతే మూడు ప్రశ్నలు వరసగా పడి పోలీస్ స్టేషన్‌లా ఉండేది. రెండు ప్రశ్నలకు ఒకసారి సొంత సంగతి కొంత పెట్టడం దాదాపు ప్రతిచోటా సరిపోయే లెక్క. "ఎందుకలా చేశారు?" అన్న రూపం మాత్రం తెలుగులో నిలదీసినట్టు వినిపిస్తుంది. అదే విషయాన్ని "అది ఎలా మొదలైందండీ?" అని అడిగితే నొప్పించదు.

మాట అయిపోవచ్చిందని తెలుసుకోవడం కష్టం కాదు. జవాబులు "అవునండీ", "అంతేనండీ"కి కుదించుకుపోతాయి. పాదాలు పక్కకు తిరుగుతాయి. చెప్పిన విషయమే రెండోసారి వస్తుంది. తెలిసినా ఎవరూ కదలరు. ఆడమ్ మాస్ట్రోయాని బృందం 2021లో ప్రచురించిన అధ్యయనంలో ఇద్దరూ కోరుకున్న సమయానికే ముగిసిన సంభాషణలు రెండు శాతం లోపే. ఎదుటివారికి ఇంకా మాట్లాడాలని ఉందేమోనన్న మొహమాటంతో ఇద్దరూ తమ మనసులో మాట దాచుకుంటారు.

సంభాషణలు ఉన్నట్టుండి ముగియవనీ, ముగింపు రాబోతోందని చెప్పే చిన్న మాటలు ముందు వస్తాయనీ ఇమ్మాన్యుయేల్ షెగ్లాఫ్, హార్వే శాక్స్ 1973లోనే వివరించారు. తెలుగులో ఆ పని "సరేనండీ", "మరైతే", "ఇంక" అన్న మాటలు చేస్తాయి. ఫోన్లో "సరే మరి" అనగానే రెండువైపులా సర్దుకోవడం మొదలవుతుంది. మీట్‌లోనూ అంతే. అవతలివారు జవాబు పూర్తిచేశాక ఆ మాట అనాలి. ప్రశ్న వేసి, జవాబు మధ్యలో వెళ్లిపోవడం మర్యాద కాదు. ఆ తర్వాత విన్నదాంట్లో ఒకటి గుర్తుచేసి, చేయబోయే పని చెప్పి, సెలవు తీసుకోవాలి.

"సరేనండీ, రేకు సీలు సంగతి మంచి మాట చెప్పారు. మా సీసా ఫొటో ఒకటి మీకు వాట్సాప్ చేస్తాను, చూసి చెబుదురు గానీ. ఇంకో ఇద్దర్ని కలవాలి, వస్తానండీ."

"వెళ్తాను" అనకుండా "వస్తాను", "ఉంటాను" అనడం తెలుగు మర్యాద, అది ఇక్కడ చక్కగా అక్కరకొస్తుంది. ఇంకొకరిని కలవాలన్నది నిజమైన కారణం, అందరూ అందుకే వచ్చారు. లేని ఫోన్ వచ్చిందని చెప్పి రెండు నిమిషాల్లో సమోసాల దగ్గర దొరికిపోవడం అంతకంటే ఇబ్బంది. "ఒక్క నిమిషంలో వస్తానండీ" అని మళ్లీ రాకపోవడం మరీ అన్యాయం, అవతలి మనిషి నిజంగానే ఎదురుచూస్తూ నిలబడవచ్చు. పెద్దవారి దగ్గర, హోదా ఉన్నవారి దగ్గర "మిమ్మల్ని చాలాసేపు ఆపేశానండీ" అంటే వెళ్లే వీలు వారికే ఇచ్చినట్టవుతుంది. ఎదుటి మనిషి అక్కడ ఒంటరి అయితే పక్కన పచ్చళ్లు చేసేవారెవరైనా ఉంటే పిలిచి, "ఈయన సీసాలు చేస్తారండీ, మూతల గురించి బాగా చెబుతారు" అని కలిపి, తాను తప్పుకోవచ్చు. అలా పరిచయం చేసిన మనిషిని ఇద్దరూ గుర్తుపెట్టుకుంటారు.

కార్డు తీసుకున్నాక పక్కకు వెళ్లి దాని వెనక "రేకు సీలు, చేతి మెషిన్" అని రెండు ముక్కలు రాసుకోవాలి. పది కార్డులు పోగయ్యాక ఏది ఎవరిదో గుర్తుండదు. వాట్సాప్‌లో ఉత్త "హాయ్ సార్" పంపితే అవతలివారికీ అదే అవస్థ. "టీ దగ్గర కలిశామండీ, గానుగ నూనె. కారే సీసా ఇదే" అని రాసి ఫొటో జతచేసి ఆ సాయంత్రమే పంపితే, ఆయనకు మనిషి ఎవరో వెంటనే గుర్తొస్తుంది.