నీడ పడిన అంకె, తేలిన గాఢత

ఇంటర్ కెమిస్ట్రీ ప్రాక్టికల్ రికార్డులో ఒక పేజీని ఫోన్‌తో ఫొటో తీశారనుకుందాం. బ్యూరెట్‌లో పొటాషియం పర్మాంగనేట్ ఉంది, దాని గాఢతే తేల్చాలి. ఫ్లాస్కులో పిపెట్‌తో కొలిచి పోసిన 10 మి.లీ. ఆక్జాలిక్ ఆమ్లం ఉంది, దాని గాఢత 0.05 M. పట్టికలో మూడు వరుసలు. మొదటిది 0.0 నుంచి 10.3 వరకు. రెండోది 10.3తో మొదలైంది కానీ, చివరి రీడింగ్ మీద చేతి నీడ పడింది. మూడోది 20.2 నుంచి 30.1.

నీడలో ఉన్న అంకెను ఊహించాల్సిన పని లేదు. మూడో వరుస 20.2తో మొదలైందంటే బ్యూరెట్‌ను మధ్యలో మళ్ళీ నింపలేదన్నమాట. అప్పుడు ఒక వరుస ఆగినచోటే తర్వాతిది మొదలవుతుంది. కాబట్టి ఆ రీడింగ్ 20.2.

బ్యూరెట్‌నే ఫొటో తీసినప్పుడు ఇంకో చిక్కుంది. సున్నా పైన ఉంటుంది, అంకెలు కిందికి పెరుగుతాయి. అలవాటు కొద్దీ కింద ఉన్న 21 నుంచి పైకి గీతలు లెక్కపెడితే 20.2 కాస్తా 21.8 అయిపోతుంది. పర్మాంగనేట్ ముదురు రంగులో దాని అడుగు వంపు కనబడదు కనుక పై అంచునే చూడాలి. మొదట్లోనూ చివర్లోనూ అదే అంచు చూస్తే తేడా సరిగ్గా వస్తుంది.

ఇప్పుడు తీసివేతలు: 10.3, 9.9, 9.9. మూడింటికీ సగటు కట్టడం చాలామంది చేసే తప్పు. మొదటిది అంచనా కోసం చేసినది, దాన్ని వదిలేసి ఒకదానితో ఒకటి కలిసిన 9.9నే తీసుకోవాలి.

ఆక్జాలిక్ ఆమ్లం 0.05 × 10 = 0.5 మిల్లీమోల్. దాని ఒక్కో అణువు 2 ఎలక్ట్రాన్లు ఇస్తుంది, పర్మాంగనేట్ 5 తీసుకుంటుంది. అంటే 5 మోల్‌ల ఆమ్లానికి 2 మోల్‌ల పర్మాంగనేట్ చాలు. 0.5 × 2/5 = 0.2 మిల్లీమోల్. ఇది 9.9 మి.లీ.లో ఉంది కనుక:

0.2 ÷ 9.9 = 0.0202 M

అణుభారం 158తో గుణిస్తే లీటరుకు దాదాపు 3.19 గ్రాములు.

నిష్పత్తిని తిరగేసి 5/2 పెట్టినవాళ్ళకు 0.126 వస్తుంది. తప్పని ఇట్టే తెలుస్తుంది: రెండు ద్రావణాల ఘనపరిమాణాలూ దాదాపు సమానం, పర్మాంగనేట్ మోల్‌లు తక్కువ, కాబట్టి దాని గాఢత 0.05 కన్నా తక్కువే ఉండాలి.

లెక్క సరిదిద్దలేని తప్పు ఒకటుంది. ఫ్లాస్కులో సల్ఫ్యూరిక్ ఆమ్లం చాలకపోతే లేత గులాబీకి బదులు గోధుమరంగు మడ్డి వస్తుంది. అది మాంగనీస్ డయాక్సైడ్. అక్కడ పర్మాంగనేట్ 5కి బదులు 3 ఎలక్ట్రాన్లే తీసుకుంటుంది, అందుకే ఎక్కువ ఖర్చయి, గాఢత ఉన్నదానికన్నా తక్కువగా తేలుతుంది. ఆ వరుసను కొట్టేసి, ఆమ్లం తగినంత పోసి, ఫ్లాస్కును 60–70 డిగ్రీలకు వేడిచేసి మళ్ళీ చేయాల్సిందే.