గిజిగాడి గూడు చెప్పే పెళ్లిచూపుల పాఠం

వానలు పడ్డాక నల్లగొండ, మహబూబ్‌నగర్ పల్లెల్లోకి వెళ్తే పొలాల మధ్య బావి దగ్గర ఒక్క నిమిషం ఆగి చూడండి. ఈతచెట్టు మట్టలకో, తుమ్మకొమ్మలకో గిజిగాళ్ల గూళ్లు వేలాడుతూ కనిపిస్తాయి. కొన్ని కింద పొడవాటి గొట్టంతో పూర్తయి ఉంటాయి. మరికొన్ని తిరగేసిన బుట్టల్లా సగంలోనే ఆగిపోయి ఉంటాయి. ఆ సగం గూళ్లను చూసి పిట్టకు కట్టడం చేతకాలేదని అనుకుంటాం. నిజానికి వాటిలో చాలావరకు సంబంధం కుదరక ఆగిపోయినవి!

మీ ఇంట్లో అమ్మాయికో, అబ్బాయికో సంబంధాలు చూస్తున్నారా? అయితే ఈ పిట్ట కథ మీకు పనికొస్తుంది. అవతలివాళ్లు చూపించే వాటిలో దేన్ని నమ్మాలి, దేన్ని నమ్మకూడదు అన్న ప్రశ్నకు జీవపరిణామ శాస్త్రం చెప్పే జవాబు అందులోనే ఉంది.

సగం కట్టి.. సమ్మతి అడిగి

గూడు కట్టేది దాదాపు పూర్తిగా మగపిట్టే. వరి ఆకుల్ని, గడ్డిని సన్నటి పోగులుగా చీల్చి ముక్కున కరచుకొని తెస్తుంది. ఒక గూడు పూర్తి కావడానికి 500 దాకా ప్రయాణాలు చేస్తుందని అంచనా. మొత్తం 18 రోజుల పని. ఇందులో మొదటి 8 రోజులకు గూడు టోపీ ఆకారానికి వస్తుంది. మగపిట్ట అప్పుడు పని ఆపి, గూడు పట్టుకొని వేలాడుతూ, రెక్కలు కొట్టుకుంటూ, కూతలు పెడుతూ ఆడపిట్టల్ని పిలుస్తుంది.

ఆడపిట్ట వస్తుంది. గూడు లోపలా బయటా చూస్తుంది. నచ్చితే ఉండిపోతుంది. మగపిట్ట మిగతా పని పూర్తిచేసి గొట్టం అల్లుతుంది. నచ్చకపోతే ఎగిరిపోతుంది. ఎవరికీ నచ్చని గూడు అలాగే మిగిలిపోతుంది. మగపిట్ట మరోటి మొదలుపెడుతుంది.

ఆడపిట్ట ఏం చూస్తుంది? పరిశోధకులు గమనించిందేమంటే, అల్లిక అందం కన్నా గూడు ఎక్కడ కట్టారన్నదే దానికి ముఖ్యం. అందులో అర్థముంది. గాలివానకు తెగిపడని, శత్రువులు సులభంగా చేరలేని చోటుంటేనే గుడ్లు, పిల్లలు దక్కుతాయి. ఆ చోటును దక్కించుకోవడానికి మగపిట్టకు సత్తా కావాలి. అంటే ఆడపిట్ట మాటల్ని కాదు, చేసి చూపించిన పనిని పరీక్షిస్తోంది.

ఖర్చు లేని మాటకు విలువ లేదు

ఆడజీవుల ఎంపికే మగజీవుల అలంకారాలకు కారణమని చార్లెస్ డార్విన్ 1871లోనే రాశారు. అయితే నెమలి పింఛం లాంటి భారాన్ని చూసి ఆడనెమలి ఎందుకు మెచ్చాలి అన్నది చాలాకాలం చిక్కుముడిగానే ఉంది. ఇజ్రాయెల్ శాస్త్రవేత్త అమోట్జ్ జహావీ 1975లో ఓ సమాధానం ఇచ్చారు. పింఛం భారం కాబట్టే అది నమ్మదగిన సాక్ష్యం. బలహీనమైన నెమలి అంత పింఛాన్ని మోస్తూ బతకలేదు. దీన్నే ఖర్చుతో కూడిన సంకేతం అంటారు. 1990లో అలన్ గ్రాఫెన్ ఈ ఆలోచనను గణితంతో నిరూపించి, దానికో ముఖ్యమైన షరతు చేర్చారు. ఖర్చు ఉంటే చాలదు. ఆ ఖర్చు సత్తా ఉన్నవాడికి తక్కువగా, లేనివాడికి ఎక్కువగా ఉండాలి. అప్పుడే మోసం గిట్టుబాటు కాదు.

పిట్టలు ఇవన్నీ లెక్కలు వేసుకుంటాయని కాదు. సరైన గుర్తుల్ని చూసి జతకట్టిన వాటి పిల్లలు ఎక్కువగా బతికాయి. అలా ఆ ఇష్టం తరతరాలుగా నిలిచింది.

ఈ షరతును మన జీవితంలోకి తెచ్చుకుందాం. ఒకబ్బాయి పెళ్లిచూపులకు కొత్త కారులో వచ్చాడనుకోండి. కారు ఖరీదైనదే. కానీ ఖర్చు బ్యాంకు పెట్టింది. జీతం బాగున్నవాడూ వాయిదాల మీద కొనగలడు, అంతంతమాత్రంగా ఉన్నవాడూ కొనగలడు. ఆ రోజు గుమ్మం ముందు ఆగిన కారును చూస్తే ఇద్దరికీ తేడా తెలియదు. కాబట్టి అది బలహీనమైన సంకేతం.

ఇంకొకరు ఆరేళ్లుగా క్రమం తప్పకుండా రక్తదానం చేస్తున్నారనుకోండి. మగవాళ్లు 90 రోజులకోసారి, ఆడవాళ్లు 120 రోజులకోసారి రక్తం ఇవ్వొచ్చు. హిమోగ్లోబిన్ కనీసం 12.5 గ్రాములుండాలి. ప్రతిసారీ పరీక్షించాకే తీసుకుంటారు. రక్తహీనత ఉన్నా, కొన్ని రకాల జబ్బులున్నా వెనక్కి పంపేస్తారు. ఇక్కడ ఖర్చును ఎవరి దగ్గరా అప్పు తెచ్చుకోలేం. ఆరోగ్యం, ఓపిక ఉన్నవాళ్లకు అది తేలిక. లేనివాళ్లకు కష్టం, ఒక్కోసారి అసాధ్యం. ఏళ్ల తరబడి ఇస్తున్నారంటే ఆరోగ్యం గురించీ, స్వభావం గురించీ ఏకకాలంలో కొంత తెలిసినట్టే. అలాగని రక్తం ఇవ్వనివాళ్లందరికీ ఏదో లోపముందని కాదు. సంకేతం కనిపిస్తే సమాచారం, కనిపించకపోతే ఏమీ తెలియదనే అర్థం.

ప్రతిభ విషయమూ ఇంతే. తబలా మీద చక్కగా తాళం పట్టేవారిని చూసి మనసు లాగుతుందంటే కారణం ఆ శబ్దం ఒక్కటే కాదు. దాని వెనకున్న ఏళ్ల సాధన, జ్ఞాపకశక్తి, పట్టుదల ఎక్కడా కొనడానికి దొరకవు.

దాతలకే ఆదరణ?

దయ గుణం నిజంగా జోడీని ఆకర్షిస్తుందా అని కెనడా పరిశోధకులు పరీక్షించి 2017లో ఫలితాలు ప్రచురించారు. విద్యార్థులకు, తమకు రాగల బహుమతి సొమ్మును దానంగా ఇచ్చే అవకాశం కల్పించారు. ఇవ్వడానికి ముందుకొచ్చినవారికి ప్రేమ సంబంధాల్లో ఆదరణ ఎక్కువగా ఉన్నట్టు తేలింది. ఇది మగవాళ్లలో మరింత స్పష్టంగా కనిపించింది. మనుషుల్లో బిడ్డను పెంచడానికి ఏళ్లు పడుతుంది. తనకున్నది పంచుకునే మనిషి రేపు బిడ్డతోనూ పంచుకుంటాడన్న ఆశ ఇందుకు కారణం కావొచ్చు. అయితే ఆ ఆదరణ లెక్క విద్యార్థులు తమ గురించి తాము చెప్పుకున్నదే అన్నది గుర్తుంచుకోవాలి.

పెళ్లి పందిరి ఎవరికోసం?

మనకు పక్కనే ఉన్న కర్ణాటక పల్లెల్లో కుమ్మరి కుటుంబాల పెళ్లి ఖర్చుల మీద ఫ్రాన్సిస్ బ్లాక్, విజయేంద్ర రావు, సోనాల్డె దేశాయ్ చేసిన అధ్యయనం 2004లో వెలువడింది. అమ్మాయిని బయటి ఊళ్లోని కలిగినవారి ఇంటికి ఇచ్చినప్పుడు ఆడపెళ్లివారు వేడుకలకు ఎక్కువ ఖర్చు చేస్తున్నారని అందులో తేలింది. ఎందుకు? పెళ్లికొడుకు సొంతూరివాడైతే అతని ఇంటి సంగతి అందరికీ ముందే తెలుసు. బయటివాడైతే తెలియదు. 'మాకు ఎంత గొప్ప సంబంధం కుదిరిందో చూడండి' అని ఊరికి చాటడానికి పందిరే సాధనమవుతుంది.

మన దగ్గరా ఒకప్పుడు నాలుగూళ్ల అవతలి సంబంధమంటే కూడా ఎవరో ఒకరు తెలిసినవాళ్లు ఉండేవారు. ఇప్పుడు నల్లగొండ అమ్మాయికి హైదరాబాద్‌లోనో, అమెరికాలోనో సంబంధం చూస్తున్నాం. తెలిసింది తగ్గేకొద్దీ చూపించుకోవాల్సింది పెరుగుతోంది. దాని కోసం అప్పు చేస్తే, కారు విషయంలో చెప్పుకున్నదే ఇక్కడా వర్తిస్తుంది. అప్పుతో వేసిన పందిరి స్తోమతకు సాక్ష్యం కాదు. పందిరి తీసేశాక మిగిలేది వడ్డీ, దానితో వచ్చే దిగులు, నిద్రలేని రాత్రులు.

మగపిల్లలు తప్పుగా వేసే లెక్క

బండి చక్రం గాల్లోకి లేపి నడిపే కుర్రాళ్లను రోడ్డు మీద చూస్తూనే ఉంటాం. ప్రాణాన్ని పణంగా పెడుతున్నారు కాబట్టి ఇదీ ఖరీదైన సంకేతమే. మరి ఫలిస్తుందా? అమెరికాలోని మెయిన్ విశ్వవిద్యాలయానికి చెందిన ఫార్థింగ్ 2005లో ప్రచురించిన అధ్యయనంలో యువతులు, ఇతరుల్ని కాపాడటానికి తెగించేవారిని ఇష్టపడ్డారు. ఊరికే తెగించేవారి కన్నా మాత్రం జాగ్రత్తపరులే మేలన్నారు. అమ్మాయిలు ఎలాంటి తెగింపునైనా మెచ్చుకుంటారని యువకులు పొరపాటుగా ఊహించారు. మీ ఇంట్లో కుర్రాడుంటే, హెల్మెట్ గురించి పదిసార్లు చెప్పే బదులు ఈ సంగతి ఒక్కసారి చెప్పి చూడండి.

సంకేతానికీ ఓ హద్దుంది

ఈ సిద్ధాంతంలో అన్నీ తేలిపోలేదు. ఇంగ్లండ్‌లో మారియన్ పెట్రీ 1990లలో జరిపిన పరిశోధనల్లో పింఛం మీద కన్నులు ఎక్కువున్న నెమళ్లకే ఎక్కువ జతలు దొరికాయి. జపాన్‌లో ఏడేళ్లు గమనించి 2008లో ప్రచురించిన అధ్యయనంలో అలాంటి సంబంధమేదీ కనిపించలేదు. పింఛం వల్ల నెమలి ఎగరడానికి పెద్దగా ఇబ్బంది లేదని 2014లో మరో అధ్యయనం చెప్పింది. అంటే అసలు ఖర్చు ఎక్కడుందన్న చర్చ ఇంకా సాగుతూనే ఉంది.

అంతకన్నా ముఖ్యమైన హద్దును మన గిజిగాడే చూపిస్తాడు. ఒక గూడు పూర్తయి ఆడపిట్ట గుడ్లు పెట్టాక, మగపిట్ట చాలాసార్లు పక్కనే ఇంకో గూడు మొదలుపెట్టి మరో ఆడపిట్టను పిలుస్తుంది. గుడ్లను పొదిగే పని ఆడపిట్టదే. ఆ గూడు చెప్పింది పనితనం గురించే తప్ప విశ్వాసం గురించి కాదు. ఏ సంకేతమైనా తన వెనకున్న ఖర్చు దేనితో ముడిపడి ఉందో దాని గురించే చెబుతుంది. మంచి గాయకుడన్నంత మాత్రాన మంచి భర్త అవుతాడని కాదు. సభలో లక్ష విరాళం ప్రకటించిన మనిషి ఇంట్లో తల్లి మందులకు చెయ్యి బిగబట్టవచ్చు.

అందుకే సంబంధం చూసేటప్పుడు కనిపించిన ప్రతిదానికీ మూడు ప్రశ్నలు వేసుకోండి. ఇది అప్పు తెచ్చి చూపించగలిగేదేనా? ఒక్కరోజుతో అయిపోయేదా, ఏళ్ల తరబడి సాగినదా? ఎవరూ చూడనప్పుడూ ఇలాగే ఉంటారా? మూడోదానికి జవాబు పెళ్లిచూపుల గదిలో దొరకదు. అబ్బాయి గురించైనా, అమ్మాయి గురించైనా కలిసి పనిచేసేవాళ్లు, పక్కింటివాళ్లు, చిన్ననాటి స్నేహితులు చెప్పాలి. అబద్ధం ఒక గంట నిలుస్తుంది. ఆరేళ్లపాటు నిలబెట్టాలంటే నిజంగా అలా ఉండటమే సులువు.

ఆడపిట్ట గిజిగాడి కూత విని దగ్గరికి వస్తుంది. ఉండాలా, వెళ్లిపోవాలా అన్నది మాత్రం గూడు చూశాకే తేల్చుకుంటుంది.