ముందు పిడికెడు, చివర దోసెడు

తొలకరి పడి నేల పచ్చబడ్డాక మందలో గొర్రెలు ఒకదాని వెనక ఒకటి ఎదకు వస్తాయని కాపరులకు ఎవరూ చెప్పనక్కర్లేదు. వేసవంతా ఎండుగడ్డి, రాలిన తుమ్మకాయలు తిని చిక్కిన జీవం పచ్చిక దొరకగానే తేరుకుంటుంది. ఆ తేరుకోవడమే ఎదను తెస్తుంది. వాన చేసే ఈ పనిని రైతే చేపట్టి, పొట్టేలును వదలడానికి మూడు వారాల ముందు నుంచి గొర్రెకు అదనంగా దాణా పెట్టడాన్ని పశువైద్యులు ఫ్లషింగ్ అంటారు. వానలు వెనకబడిన ఏడాది దీని విలువ బాగా తెలుస్తుంది.

గొర్రె 17 రోజులకోసారి ఎదకు వస్తుంది, మేక 21 రోజులకు. ప్రతి విడతలో అండాశయంలో కొన్ని అండాలు ఎదగడం మొదలుపెడతాయి. కానీ చాలావరకు మధ్యలోనే కృశించిపోతాయి, చివరికి ఒకటే విడుదలవుతుంది. మేత మెరుగుపడి రక్తంలో గ్లూకోజు, ఇన్సులిన్ పెరిగితే అలా రాలిపోవాల్సిన వాటిలో ఇంకొకటి నిలబడే అవకాశం ఉంటుంది. కవలలకు మూలం అక్కడే. అయితే ఈ ఫలితం చిక్కిన గొర్రెలోనే బాగా కనిపిస్తుంది. అప్పటికే ఒళ్లు నిండా కండ, కొవ్వు ఉన్నదానికి దాణా పోస్తే డబ్బు దండగ.

ఎవరు చిక్కారో కంటితో చూసి చెప్పడం కష్టం, ముఖ్యంగా ఉన్ని ఉన్న దక్కనీ గొర్రెల్లో. చివరి పక్కటెముక వెనక, నడుము మీద చెయ్యి పెట్టి నొక్కాలి. వెన్నుపూసల మొనలు పదునుగా తగిలి, పక్క ఎముకల కిందికి వేళ్లు సులువుగా దూరితే అది బక్కది. మొనలు గుండ్రంగా, గట్టిగా నొక్కితేనే తెలిసేలా ఉంటే సరిపోయిన ఒళ్లు. ఎముకే తగలకపోతే బలిసింది. పొట్టేలును కలిపేనాటికి మంద మొత్తం ఆ మధ్యరకంలో ఉండాలి.

ఒక సంగతి నిక్కచ్చిగా చెప్పుకోవాలి. నెల్లూరు, దక్కనీ జాతుల్లో ఈతకు ఒక పిల్లే సహజం. దాణాతో వాటిలో కవలలు కొంత పెరగొచ్చు గానీ అసలు లాభం వేరే చోట ఉంది: వట్టిపోయేవి తగ్గుతాయి, ఎక్కువ గొర్రెలు మొదటి ఎదలోనే చూలు కడతాయి. కవలల దారి జాతిలోనే ఉండాలి. సుందర్బన్స్ ప్రాంతపు చిన్న గారోల్ గొర్రెలో ఒకటికి మించి పిల్లలనిచ్చే జన్యువు ఉంది. మహారాష్ట్రలోని ఫల్టణ్‌లో నింబ్కర్ వ్యవసాయ పరిశోధన సంస్థ ఆ జన్యువునే దక్కనీ గొర్రెలోకి తెచ్చి నారి సువర్ణను తయారుచేసింది. మేకల్లో చాలా జాతులకు జంట పిల్లలు మామూలే కాబట్టి, బక్క మేకకు పెట్టిన దాణాకు ఫలితం ఇంకా బాగా కనిపిస్తుంది.

40 గొర్రెల మంద ఉందనుకుందాం. పొట్టేలును జూన్ 25న వదలాలి. జూన్ మొదటి వారంలో నడుములు తడిమి చూస్తే 22 బక్కవిగా తేలాయి. ముందు నట్టల మందు తాగించాలి, లేకపోతే దాణా నట్టల పాలవుతుంది. జూన్ 4 నుంచి ఈ 22కీ రోజుకు తలా పావు కిలో దాణా ఇచ్చి, పొట్టేలు కలిశాక కూడా ఒక ఎద విడత దాకా, అంటే మరో 17 రోజులు కొనసాగిస్తే మొత్తం 38 రోజులు. రోజుకు ఐదున్నర కిలోల లెక్కన రెండు క్వింటాళ్ల పైచిలుకు. మందంతటికీ పెడితే దాదాపు నాలుగు క్వింటాళ్లు అయ్యేది. దాణా ఇంట్లోనే కలుపుకోవచ్చు: వందపాళ్లలో మొక్కజొన్న లేదా జొన్న నలుగు 50, తవుడు 25, వేరుశనగ చెక్క 22, ఖనిజ లవణ మిశ్రమం 2, ఉప్పు 1.

మొదటి రోజే పావు కిలో పెట్టకూడదు. గింజ అలవాటు లేని పొట్టలో పిండిపదార్థం ఒక్కసారిగా పులిసి ఆమ్లం పేరుకుంటుంది. గొర్రె మేత మానేసి, కడుపుబ్బి, పలుచగా పారుకుంటుంది, చచ్చిపోవచ్చు కూడా. 50 గ్రాములతో మొదలుపెట్టి వారంలో పెంచుకుంటూ పోవాలి. చిటుకు రోగం టీకా కూడా ముందే వేయించాలి. మేత ఒక్కసారిగా మారినప్పుడే అది విరుచుకుపడుతుంది.

చూలు కట్టిన తొలి నెలలో పిండం ఇంకా గర్భసంచికి గట్టిగా అతుక్కోదు. అప్పుడు దూరాలు తోలడం, కుక్కలు తరమడం, మేత ఒక్కసారిగా తగ్గించడం లేదా విపరీతంగా పెంచడం అన్నీ నష్టమే. అతిగా మేపితే గర్భాన్ని నిలిపే ప్రొజెస్టిరాన్ హార్మోను రక్తంలో తగ్గిపోతుంది. ఆల్బెండజోల్ రకం నట్టల మందు ఈ నెలలో తాగించకూడదు, పిండానికి హాని. తర్వాతి రెండు నెలల్లో మాయ ఎదుగుతుంది. ఒళ్లు తగ్గకుండా మామూలు మేత అందితే చాలు.

పిల్ల బరువు తేలేది చివర్లో. చూలు కాలం సుమారు 148 రోజులు. పుట్టేనాటి బరువులో దాదాపు 70 శాతం ఆఖరి ఆరేడు వారాల్లోనే పడుతుంది. సరిగ్గా అప్పుడే గర్భసంచి పెరిగి పొట్టను నొక్కేస్తుంది, గొర్రె ఎక్కువ గడ్డి తినలేదు. అందుకే కొద్దిలోనే శక్తి ఉండే దాణా కావాలి, అదీ పొద్దున కొంత, సాయంత్రం కొంత. మన మందలో జూన్ 25న చూలు కట్టిన గొర్రె నవంబర్ 20 ప్రాంతంలో ఈనుతుంది. అక్టోబర్ 9 నుంచి 36 చూలు గొర్రెలకు తలా 300 గ్రాములు పెడితే నాలుగున్నర క్వింటాళ్లు. ముందరి ఖర్చుకు రెట్టింపు పైమాటే. అయినా ఒకదానికే డబ్బుందంటే దీనికే పెట్టమంటాను. కవలల్ని కనిపించి ఆకలితో ఉంచడం కంటే ఒక్క పిల్ల బలంగా పుట్టడం మేలు. జనవరి, ఫిబ్రవరిలో కోసిన చేల మీద తిరిగి చూలు కట్టిన గొర్రెల పరిస్థితి ఇంకా కష్టం. వాటి ఆఖరి వారాలు ఎక్కువగా మే, జూన్‌లలో పడతాయి. అప్పుడు సుబాబుల్, అవిశ ఆకు కొంత ఆదుకుంటుంది.

కడుపులో రెండు పిల్లలుండి తిండి చాలకపోతే తల్లి తన కొవ్వును కరిగించుకుంటుంది. కాలేయం దాన్ని తట్టుకోలేక రక్తంలో కీటోన్లు చేరతాయి. అలాంటి గొర్రె మందకు దూరంగా నిలబడుతుంది, మేత ముట్టదు, చూపు ఆనక గోడను గుద్దుకుంటుంది, పళ్లు నూరుతుంది, నోరు తియ్యటి వాసన వేస్తుంది. ఆ దశలోనే డాక్టరును పిలిస్తే ప్రొపిలీన్ గ్లైకాల్, గ్లూకోజుతో నిలబెట్టొచ్చు. పడిపోయాక బతికేవి తక్కువ. బలిసిన గొర్రెకూ ఈ జబ్బు వస్తుంది కాబట్టి దాణా పోసి కొవ్వెక్కించడమూ పనికిరాదు. ఒకే పిల్ల మోసే చిన్న గొర్రెకు మరీ పోస్తే పిల్ల పెద్దదై ఈత కష్టమవుతుంది.

నెల్లూరు పిల్ల మూడు కిలోలకు అటూ ఇటూ పుడుతుంది. రెండు కిలోలకు తగ్గినదానికి ఒంట్లో కొవ్వు ఉండదు, చలికి ముడుచుకుపోతుంది, చన్ను వెతుక్కోలేదు. తొలి గంటల్లోనే ముర్రుపాలు పిండి తాగించాలి, కిలో బరువుకు 50 మిల్లీలీటర్ల చొప్పున. పుట్టిన రోజునే ప్రతి పిల్లనూ స్ప్రింగ్ కాటాకు తగిలించి బరువు, తేదీ రాసుకుంటే వచ్చే ఏడాది ఏం మార్చాలో ఆ పుస్తకమే చెబుతుంది. ఒంటరి పిల్లలు కూడా తేలికగా పుడుతుంటే ఆఖరి ఆరు వారాల్లో దాణా చాల్లేదు. బరువులు బాగుండి ఈతలు మూడు వారాల్లో ముగియక రెండు నెలలు సాగితే, మొదటి ఎదలో చూలు కట్టనివి చాలా ఉన్నాయి. లోపం జూన్‌లో ఉంది, లేదంటే పొట్టేలులో ఉంది.