కోడ్ నుంచి ప్రొడక్ట్‌కి: సంజాయిషీ లేని కవర్ లెటర్

తొమ్మిదేళ్లు బ్యాకెండ్ ఇంజనీరుగా పనిచేసిన ఒకతను హైదరాబాద్‌లో ప్రొడక్ట్ మేనేజర్ ఉద్యోగానికి దరఖాస్తు చేస్తున్నాడనుకుందాం. అసలు ఉత్తరం ఇంగ్లీషులోనే ఉంటుంది కానీ, విషయం తెలియడానికి తెలుగులో చూద్దాం. మొదటి ప్రతి ఇలా మొదలవుతుంది: ‘నాకు ప్రొడక్ట్ మేనేజ్‌మెంట్‌లో నేరుగా అనుభవం లేకపోయినా, నేర్చుకోవాలన్న తపన చాలా ఉంది. ఒక్క అవకాశం ఇస్తే నిరూపించుకుంటాను. జూనియర్ స్థాయి అయినా ఫర్వాలేదు.’

ఇందులో అబద్ధమేమీ లేదు. కానీ చదివే మేనేజరుకు ముందుగా తెలిసింది ఇతనికి లేనిదేమిటో. ఆ తర్వాత తెలిసింది తక్కువకైనా వస్తాడని. ఏం చేయగలడన్నది మాత్రం ఇంకా తెలియలేదు. రెండో పేరాలో జావా, కాఫ్కా, మైక్రోసర్వీసుల జాబితా వస్తే, మంచి ఇంజనీరే అనుకుని పక్కన పెట్టేస్తారు.

ఎలా కట్టాలన్నది ప్రధానంగా ఇంజనీరు తేల్చే ప్రశ్న. ఏది కట్టాలి, ఎవరి కోసం, ఏది వద్దు అన్నవి ప్రొడక్ట్ మేనేజర్ తేల్చేవి. అందుకే ఉత్తరానికి ప్రాణం ఒకే ఒక సంఘటన: ఇంజనీరుగా ఉంటూనే ఈ రెండో రకం ప్రశ్నను అతను తేల్చిన సందర్భం.

మన ఇంజనీరు పనిచేసేది చెల్లింపుల యాప్‌లో. కాబట్టి అతని రెండో ప్రతి ఇలా ఉండవచ్చు: ‘మా యాప్‌లో యూపీఐ చెల్లింపు పెండింగ్‌లో పడితే, కొందరు కంగారుపడి అదే మొత్తాన్ని మళ్లీ పంపేవారు. సర్వర్‌ను వేగవంతం చేయమని నాకు అప్పగించారు. ముందుగా కస్టమర్ కేర్‌కు వచ్చిన కాల్స్ విన్నాను, లాగ్‌లు చూశాను. ఆలస్యం ఎక్కువగా బ్యాంకుల వైపే ఉంది. మా సర్వర్ వేగం పెంచినా అది తగ్గదు. పైగా ఫోన్ చేసినవాళ్లు అడుగుతున్నది తమ డబ్బు ఎక్కడుందని. అందుకని ఆ పని ఆపి, పెండింగ్ స్క్రీన్ మార్చుదామని ప్రతిపాదించాను. అదే మనిషికి అదే మొత్తం మళ్లీ పంపబోతే ముందే హెచ్చరించేలా డిజైనర్‌తో కలిసి చేశాం. సగంమంది యూజర్లకు కొత్త స్క్రీన్, సగంమందికి పాతది చూపించి పోల్చాం. కొత్తది చూసినవాళ్లలో రెండుసార్లు పంపడం సుమారు సగానికి తగ్గింది. ఇలాంటి నిర్ణయాలే నా రోజువారీ పని కావాలని ఈ ఉద్యోగానికి దరఖాస్తు చేస్తున్నాను.’

ఎందుకు మారుతున్నాడన్నది చివరి వాక్యంలో తేలిపోయింది. కోడింగ్ విసుగొచ్చిందనో, మొదటి నుంచీ మనసు ఇటే ఉందనో చెప్పుకోవాల్సిన పని లేదు. ఇంజనీరింగ్‌ను చిన్నబుచ్చితే నష్టం కూడా, ఎందుకంటే రేపు అతను పనిచేయాల్సింది ఇంజనీర్లతోనే. ‘కలిసి చేశాం’ అనడమూ ముఖ్యమే. డిజైనర్ పనిని తన ఖాతాలో వేసుకుంటే ఇంటర్వ్యూలో నాలుగో ప్రశ్నకే బయటపడుతుంది. సగంమందికి పాత స్క్రీనే ఉంచి పోల్చామన్న మాట ఇంకో ప్రశ్నకు ముందే జవాబిస్తుంది: తగ్గుదల ఆ మార్పు వల్లే వచ్చిందని ఎలా తెలుసు?

మరి లేని అనుభవం? దాచకూడదు, బతిమాలకూడదు. ‘ధర నిర్ణయించే పని నేను చేయలేదు. యూజర్ల సమస్య తెలుసుకోవడం, ఏది ముందు చేయాలో తేల్చడం, ఫలితం కొలవడం చేశాను’ అని రెండు వాక్యాలు చాలు. ఇక్కడ ఉద్యోగం ఎంచుకోవడమూ ఉంది. ధరలు, ప్రచారం ప్రధానమైన పోస్టుకు ఈ ఉత్తరం నిలవదు. చెల్లింపుల వ్యవస్థలు, ఇతర డెవలపర్లు వాడే ఏపీఐలు చూసే టెక్నికల్ ప్రొడక్ట్ మేనేజర్ పోస్టుకైతే, ఆ తొమ్మిదేళ్లే అర్హత. గూగుల్ 2002లో మొదలుపెట్టిన అసోసియేట్ ప్రొడక్ట్ మేనేజర్ తరహా కార్యక్రమాలు చాలావరకు కొత్తగా చదువు ముగించినవాళ్ల కోసం. అక్కడ ఇతని అనుభవానికి విలువ కట్టే వీలుండదు.

ఉత్తరం ఒక పేజీ దాటకూడదు. పంపేముందు దాన్ని ఈ రంగం తెలియని స్నేహితుడికి ఇచ్చి, ‘ఇతను ఏ నిర్ణయం తీసుకున్నాడు?’ అని అడగాలి. టెక్నాలజీల పేర్లు చెబితే తిరగరాయాలి. ‘సర్వర్ పని ఆపి స్క్రీన్ మార్చాడు’ అంటే పంపేయవచ్చు.

అలాంటి సంఘటన ఒక్కటీ గుర్తురాకపోతే లోపం ఉత్తరంలో లేదు. ఇప్పుడున్న టీమ్‌లోనే, తర్వాతి ఫీచర్ మొదలయ్యేలోపు కొందరు యూజర్లతో మాట్లాడి, ఏది కట్టాలో ఏది వద్దో ఒక పేజీలో రాసి ప్రొడక్ట్ మేనేజర్ ముందు పెట్టాలి. ఆ ప్రతిపాదన అమలై ఫలితం తెలిశాక, ఉత్తరం రాయడానికి కూర్చోవాలి.