బీపీ మిషన్, షుగర్ మిషన్: కొనేముందు డబ్బా మీద ఏం చదవాలి?

ఇంట్లో పెద్దవాళ్లకు బీపీ, షుగర్ ఉన్నాయని తెలియగానే పిల్లలు ఆన్‌లైన్‌లో రెండు మిషన్లు తెప్పిస్తారు. ఏది తక్కువకు వస్తోంది, కొన్నవాళ్లు ఎన్ని స్టార్లు ఇచ్చారు అని చూసి ఆర్డర్ పెట్టేస్తారు. స్టార్లు ఇచ్చినవాళ్లు మిషన్ చెప్పిన అంకె నిజమో కాదో పరీక్షించి ఇవ్వరు. డాక్టరు మాత్ర పెంచాలా తగ్గించాలా అన్నది ఆ అంకె చూసే నిర్ణయిస్తారు కాబట్టి, కొనేటప్పుడు అడగాల్సిన ప్రశ్నలు వేరే ఉన్నాయి.

గుంటూరులో ఉండే ఒక రిటైర్డ్ మాస్టారి ఇంటిని అనుకుందాం. ఆయనకు బీపీ ఉంది, షుగర్‌కు ఇన్సులిన్ వేసుకుంటారు. భార్యకు షుగర్ మాత్రలతో అదుపులో ఉంది. వాళ్లకు ఏం కొనాలి?

ముందు బీపీ మిషన్ సంగతి. మిషన్ సరిగ్గా చూపిస్తోందని నిరూపించడానికి ఒక పద్ధతి ఉంది. కనీసం 85 మందికి మిషన్‌తో ఒకసారి, శిక్షణ పొందిన ఇద్దరు స్టెతస్కోపుతో విని ఒకసారి, మార్చి మార్చి బీపీ చూస్తారు. ఆ ఇద్దరిలో ఒకరు రాసుకున్నది రెండోవారికి కనబడదు. వాళ్ల అంకెలకూ మిషన్ అంకెలకూ మధ్య తేడా సగటున 5 పాయింట్లు దాటకూడదు. సగటు బాగున్నా కొందరికి బాగా ఎక్కువ, కొందరికి బాగా తక్కువ చూపించే మిషన్లు ఉంటాయి కదా, అందుకని ఆ చెదురుకూ ఒక హద్దు పెట్టారు. దీన్నే క్లినికల్ వాలిడేషన్ అంటారు. ఐఎస్‌ఓ 81060-2 అనే ప్రమాణం ఇదే.

ఇది కంపెనీకి ఇచ్చే సర్టిఫికెట్ కాదు, మోడల్‌కు ఇచ్చేది. ఒకే కంపెనీ మిషన్లలో ఒకటి ఈ పరీక్ష నెగ్గి ఉండొచ్చు, పక్కనున్నది అసలు పరీక్షకే వెళ్లి ఉండకపోవచ్చు. అందుకని డబ్బా మీది మోడల్ నంబరును అక్షరం పొల్లుపోకుండా రాసుకుని stridebp.org లో వెతకండి. అంతర్జాతీయ రక్తపోటు వైద్య సంఘాలతో కలిసి నిపుణులు నడిపే ఉచిత జాబితా అది. అందులో ఆ మోడల్ లేకపోతే అది తప్పుడు మిషన్ అని కాదు, రుజువు దొరకలేదని. రుజువున్నవి అందుబాటు ధరలోనే దొరుకుతున్నప్పుడు లేనిదాన్ని ఎందుకు కొనాలి? డబ్బా మీద ప్రభుత్వ లైసెన్స్ నంబరు ఉంటే చాలని షాపువాళ్లు అంటారు. మన దేశంలో 2021 నుంచి ఈ పరికరాలు మందుల నియంత్రణ కిందికి వచ్చాయి. ఆ లైసెన్స్ ఉండాల్సిందే, కానీ పైన చెప్పిన పరీక్షకు అది బదులు కాదు.

దీనికన్నా ఎక్కువమంది వదిలేసేది కఫ్ కొలత. మిషన్‌తో వచ్చే మామూలు కఫ్ చాలావరకు 22 నుంచి 32 సెంటీమీటర్ల చుట్టుకొలత ఉన్న చేతికి సరిపోతుంది. మాస్టారి భుజానికీ మోచేతికీ నడుమ టేపు పెట్టి చూస్తే 35 వచ్చిందనుకోండి. ఆ కఫ్ ఆయనకు చిన్నది. చిన్న కఫ్ కడితే బీపీ ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తుంది. అమెరికాలో జాన్స్ హాప్‌కిన్స్ పరిశోధకులు 2023లో ప్రచురించిన అధ్యయనంలో, పెద్ద కఫ్ కావాల్సినవాళ్లకు మామూలు కఫ్ కడితే పై అంకె దాదాపు 5 పాయింట్లు పెరిగింది. ఇంకా పెద్ద సైజు కావాల్సినవాళ్లకు దాదాపు 20 పెరిగింది. ఇంట్లో చూసుకునే బీపీ సగటు 135/85 చేరితే ఎక్కువ కిందే లెక్క. అసలు 132 ఉన్న మాస్టారికి మిషన్ 137 చూపిస్తే, అవసరం లేని మాత్ర ఒకటి తోడవ్వొచ్చు. కాబట్టి ముందు చేయి కొలిచి, ఆ మోడల్‌కు పెద్ద కఫ్ దొరుకుతుందో లేదో అడిగి కొనాలి. ఒక కంపెనీ మిషన్‌కు ఇంకో కంపెనీ కఫ్ తగిలించకూడదు.

మణికట్టుకు కట్టే మిషన్లు చేయి ఎత్తు కాస్త మారినా అంకె మారుస్తాయి. కఫ్ లేకుండా బీపీ చెబుతామనే వాచీలను మందుల నిర్ణయానికి నమ్మకండి. గుండె లయ తప్పి కొట్టుకునే జబ్బు ఉన్నవాళ్లు ఏ మిషన్ కొన్నా ముందు డాక్టరుతో మాట్లాడాలి.

ఇక షుగర్ మిషన్. ఇక్కడ చూడాల్సింది ఐఎస్‌ఓ 15197:2013. షుగర్ 100 లేదా అంతకుమించి ఉన్నప్పుడు, నూటికి 95 రీడింగులు ల్యాబు అంకెకు 15 శాతం అటూ ఇటూలో ఉండాలి. 100 లోపైతే 15 పాయింట్ల తేడాలో ఉండాలి. అంటే ల్యాబులో 180 ఉంటే మిషన్ 153 నుంచి 207 దాకా ఏది చూపినా అది నియమం ప్రకారమే నడుస్తోందని అర్థం. చాలామంది ఈ తేడా చూసి మిషన్ పాడైందంటారు. స్ట్రిప్స్ డబ్బాలో మడతపెట్టి ఉండే కాగితంలో ఎన్ని రీడింగులు 5 లోపు, 10 లోపు, 15 లోపు తేడాతో వచ్చాయో చూపే పట్టిక ఉంటుంది. రెండు బ్రాండ్ల పట్టికలు పక్కపక్కన పెడితే ఏది మెరుగో తెలిసిపోతుంది. ఆ పట్టిక కంపెనీ సొంతంగా ఇచ్చే లెక్కేనని మాత్రం గుర్తుంచుకోవాలి.

డబ్బు ఖర్చయ్యేది స్ట్రిప్స్ దగ్గర. అక్యూచెక్, వన్‌టచ్ స్ట్రిప్స్ ఒక్కోటి సుమారు ఇరవై రూపాయలకు అటూ ఇటూ పడతాయి. కాంటూర్ ప్లస్ సాధారణంగా వాటికన్నా కాస్త తక్కువకు దొరుకుతుంది. డాక్టర్ మోర్‌పెన్, బీటో వంటివి పది, పదిహేను రూపాయల మధ్య వస్తుంటాయి. షాపును బట్టి, డిస్కౌంటును బట్టి ఇవి మారతాయి కాబట్టి కొనే రోజున యాభై స్ట్రిప్స్ ధరను యాభైతో భాగించి చూడండి. మాస్టారు రోజుకు రెండుసార్లు చూసుకుంటే ఏడాదికి 730 స్ట్రిప్స్. ఇరవై రూపాయలవైతే 14,600, పది రూపాయలవైతే 7,300. మిషన్ ఉచితంగా ఇచ్చినా ఈ లెక్క ముందు అది లెక్కలోకి రాదు.

ఆయనకు నా సలహా ఇది: ఇన్సులిన్ మోతాదు ఈ అంకెతో ముడిపడి ఉంది కాబట్టి ముందు ప్రమాణం, పట్టిక చూసి రెండు మూడు బ్రాండ్లు ఎంచుకుని, వాటిలో చవకైన స్ట్రిప్ ఉన్నది తీసుకోవాలి. భార్య లెక్క వేరు. వారానికి రెండుసార్లు చూసుకునే ఆమెకు యాభై స్ట్రిప్స్ దాదాపు ఆరు నెలలు వస్తాయి. కొన్ని బ్రాండ్ల స్ట్రిప్స్ మూత తీశాక మూడు నెలలకే పనికిరాకుండా పోతాయి. ఆమెకు 25 స్ట్రిప్స్ డబ్బానే నయం. ఇద్దరూ ఒకే మిషన్ వాడుకుంటే ఆ ఇబ్బందీ ఉండదు. కానీ సూది మాత్రం ఎవరిది వాళ్లకే ఉండాలి, గుచ్చే పెన్ను కూడా వేరుగా ఉండాలి.

మంచి మిషన్ కూడా తప్పు చెప్పే సందర్భాలున్నాయి. పండు తిన్న చేత్తో వేలు గుచ్చుకుంటే చర్మం మీది తీపి కూడా లెక్కలోకి వస్తుంది, అందుకే సబ్బుతో కడిగి ఆరనివ్వాలి. రక్తహీనత ఎక్కువగా ఉన్నవాళ్లకు చాలా మిషన్లు షుగర్‌ను ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తాయి. ఆడవాళ్లు హిమోగ్లోబిన్ ఎంతుందో డాక్టరుకు చెప్పి మరీ రీడింగులు చూపించాలి. మూత సరిగ్గా పెట్టని డబ్బాలోనో ఎండలో ఆపిన కారులోనో ఉన్న స్ట్రిప్స్ నమ్మదగినవి కావు.

కొన్న వారంలోనే ఒక పని చేయండి. పరగడుపున ల్యాబుకు మిషన్ పట్టుకెళ్లి, చేతి నుంచి రక్తం తీసిన అయిదు నిమిషాల్లోపే వేలు గుచ్చి చూసి, రెండు అంకెలూ రాసుకోండి. తిన్నాక పోల్చకండి, అప్పుడు వేలి రక్తంలో షుగర్ సహజంగానే ఎక్కువ ఉంటుంది. తేడా 15 శాతం దాటితే కొత్త డబ్బా స్ట్రిప్‌తో మళ్లీ చూడండి. అప్పటికీ దాటుతుంటే బిల్లు పట్టుకుని షాపుకు వెళ్లి మిషన్ మార్చమని అడగండి. ఈలోగా ఆ అంకె చూసి ఇన్సులిన్ మోతాదు మాత్రం సొంతంగా మార్చుకోకండి.