గోడ ఎందుకు తెగిపోతుంది?

వీడియో గేములో పాత్రను గోడకు బాగా దగ్గరగా తీసుకెళ్తే, ఒక్కోసారి గోడలో కొంత భాగం మాయమై అవతలి గది కనిపిస్తుంది. గోడను కోసింది కెమెరాకు కాస్త ముందుండే ఒక ఊహా తలం. దాన్ని నియర్ ప్లేన్ అంటారు.

త్రీడీ దృశ్యంలో కెమెరాకు కనిపించే ప్రదేశం కొన తెగిన పిరమిడ్‌లా ఉంటుంది. నాలుగు పక్కలా తెర అంచుల తలాలు, ముందు నియర్ ప్లేన్, చివర ఫార్ ప్లేన్ దానికి హద్దులు. దృశ్యంలోని వస్తువులన్నీ చిన్న చిన్న త్రిభుజాల కూర్పే. పూర్తిగా హద్దు బయట ఉన్న త్రిభుజాన్ని గ్రాఫిక్స్ చిప్ వదిలేస్తుంది, లోపలున్నదాన్ని అలాగే ఉంచుతుంది. హద్దుకు అటూ ఇటూ పడ్డదాన్నే కోయాల్సి వస్తుంది.

పక్క హద్దులు కొంచెం దాటినవాటిని కోయకుండానే, తెర బయటి పిక్సెళ్లను వదిలేసి సరిపెట్టుకోవచ్చు. నియర్ ప్లేన్ దగ్గర ఆ వెసులుబాటు లేదు. దూరపు వస్తువు చిన్నగా కనిపించాలంటే దాని అడ్డం, నిలువు కొలతలను లోతుతో భాగించాలి. లోతు సున్నా అయితే భాగహారం కుదరదు. కెమెరా వెనకున్న బిందువుకు లోతు రుణసంఖ్య కాబట్టి, భాగిస్తే అది తలకిందులై తెరమీదికి వచ్చేస్తుంది. అందుకే భాగహారానికి ముందే కోత పూర్తవ్వాలి.

ఒక త్రిభుజం రెండు మూలలు కెమెరాకు 5 మీటర్ల ముందు, మూడోది 3 మీటర్ల వెనక ఉన్నాయనుకుందాం. నియర్ ప్లేన్ 1 మీటరు దూరంలో ఉంది. ముందు మూల నుంచి వెనక మూలకు లోతులో తేడా 8 మీటర్లు. అందులో 4 మీటర్లు రాగానే తలం తగులుతుంది, అంటే అంచుకు సరిగ్గా సగంలో. రెండు అంచులూ అక్కడే తెగి నాలుగు మూలల ఆకారం మిగులుతుంది. దాన్ని రెండు త్రిభుజాలుగా విడదీస్తారు. కొత్త మూలల రంగును కూడా అంచు రెండు కొనల రంగులను సగం సగం కలిపి లెక్కగడతారు. ఇలా ఒక్కో తలంతో వరసగా కోసే పద్ధతిని ఇవాన్ సదర్లాండ్, గ్యారీ హాడ్జ్‌మన్ 1974లో ప్రచురించారు.

గోడ తెగకుండా నియర్ ప్లేన్‌ను కెమెరాకు బాగా దగ్గరికి జరిపితే ఇంకో చిక్కు వస్తుంది. మామూలు పద్ధతిలో లోతు విలువల్లో ఎక్కువ భాగం ఈ తలం పరిసరాల్లోనే ఖర్చయిపోతుంది. లోతును 24 బిట్లలో దాచినప్పుడు, నియర్ ప్లేన్ 1 సెంటీమీటరు దూరంలో ఉంటే, 500 మీటర్ల అవతల సుమారు ఒకటిన్నర మీటర్ల ఎడమున్న రెండు గోడలకు కూడా ఒకే విలువ రావచ్చు. ఏది ముందో తేలక, కెమెరా కదిలినప్పుడల్లా రెండూ మిణుకుమిణుకుమంటాయి. ఆ తలాన్ని 1 మీటరుకు జరిపితే తేడా ఒకటిన్నర సెంటీమీటర్లకు తగ్గుతుంది. ఫార్ ప్లేన్‌ను 1000 మీటర్ల నుంచి 600కు తెచ్చినా దాదాపు ఏమీ మారదు. కాబట్టి దూరపు గోడలు మిణుకుమంటుంటే ముందుగా చూడాల్సింది నియర్ ప్లేన్‌నే. దగ్గరి వస్తువు తెగనంత మేరకు దాన్ని ముందుకు జరపాలి.