పురిటి గదిలో ఒక తోడు

నెలలు నిండిన స్నేహితురాలికి ఫోన్ చేసేవాళ్ల నోట తరచుగా వినిపించే మాటలు రెండు. "తల్లీబిడ్డా క్షేమంగా ఉండాలి" అనేది ఒకటి, "ఇంకా కాలేదా?" అనేది మరొకటి. మొదటిది వింటే ఆమెకు ధైర్యం వస్తుంది. రెండోది రోజుకు నలుగురు అడిగితే ఉన్న ధైర్యం కూడా పోతుంది.

డాక్టర్ చీటీ మీద రాసిన తేదీ ఒక అంచనా మాత్రమే. చివరి నెలసరి మొదటి రోజు నుంచి 280 రోజులు లెక్కగట్టి దాన్ని చెబుతారు. సరిగ్గా ఆ రోజునే పుట్టే పిల్లలు నూటికి నలుగురైదుగురే. తేదీ దాటితే బిడ్డ గుండె చప్పుడు, ఉమ్మనీరు చూసి ఏం చేయాలో డాక్టర్లు నిర్ణయిస్తారు. బంధుమిత్రుల ఫోన్లు ఆ నిర్ణయానికి సాయపడవు.

"మా వదినకైతే రెండు రోజులు నొప్పులొచ్చాయి, చివరికి కోత తప్పలేదు" లాంటి కథలు అంతకన్నా చేటు. వాటిని చెప్పేవాళ్లకు చెడు ఉద్దేశం ఉండదు. కానీ ప్రసవం మీద భయం ప్రభావం నిజంగానే ఉంటుంది. బాగా బెదిరిపోయినప్పుడు ఒంట్లో అడ్రినలిన్ పెరుగుతుంది, కండరాలు బిగుసుకుంటాయి, నొప్పి మరింత ఎక్కువగా తెలుస్తుంది. నొప్పులు తెప్పించే ఆక్సిటోసిన్ పనికి కూడా అది అడ్డు తగలవచ్చు. భయం, బిగువు, నొప్పి ఒకదాన్నొకటి పెంచుకుంటాయని గ్రాంట్లీ డిక్ రీడ్ అనే ఇంగ్లండ్ డాక్టర్ 1930లలోనే రాశాడు.

ఆ భయాన్ని తగ్గించేది పక్కన ఒక మనిషి ఉండటం. దీన్ని గ్వాటెమాలాలోని ఒక ఆసుపత్రిలో పరీక్షించి చూశారు. తొలికాన్పుకు వచ్చిన కొందరు స్త్రీల దగ్గర, వాళ్లకు అంతవరకూ పరిచయం లేని ఒక మహిళ కాన్పయ్యేదాకా కూర్చుంది. ఆమె చేసింది వీపు నిమరడం, చేయి పట్టుకోవడం, మాట్లాడటం, అంతే. ఏ సమస్యా లేకుండా ప్రసవించిన వాళ్లను పోల్చి చూస్తే, ఆసుపత్రిలో చేరినప్పటి నుంచి కాన్పయ్యేవరకు పట్టిన సమయం తోడున్న వాళ్లకు సగటున 8.8 గంటలు, తోడు లేని వాళ్లకు 19.3 గంటలు. 1980లో వెలువడిన ఈ అధ్యయనంలో అలా పోల్చింది ఒక్కో వైపు 20 మందినే. 2017 నాటికి అనేక దేశాల్లో 15,000 మందికి పైగా స్త్రీల మీద జరిగిన పరీక్షలన్నీ కలిపి చూస్తే, కలిసొచ్చే సమయం సుమారు 40 నిమిషాలేనని తేలింది. అయితే సిజేరియన్లు దాదాపు నాలుగో వంతు తగ్గాయి. ఖర్చు లేని పనికి ఇది గొప్ప ఫలితం.

తోడు అవసరం ఇంట్లోనే మొదలవుతుంది. తొమ్మిదో నెల నిండిన తొలిచూలు గర్భిణికి రాత్రి ఎనిమిదింటికి పొట్ట బిగుసుకుందనుకుందాం. ఆమెకు గాభరా. పక్కనున్న మనిషి గడియారం చూసి నొప్పి ఎప్పుడు మొదలైందో, ఎంతసేపు ఉందో కాగితం మీద రాస్తుంది. కాస్త నీళ్లు తాగించి, నాలుగడుగులు నడిపిస్తుంది. అవి దొంగనొప్పులైతే పక్కకు తిరిగి పడుకున్నా, నడిచినా చాలావరకు తగ్గిపోతాయి. అసలు నొప్పులు తగ్గవు. నడుం నుంచి పొత్తికడుపులోకి వస్తూ, దగ్గర దగ్గరగా, మరింత గట్టిగా వస్తాయి. పదకొండింటికల్లా అయిదు నిమిషాలకొకటి చొప్పున, ఒక్కొక్కటి నిమిషంపాటు ఉంటూ, గంటసేపు అలాగే సాగాయంటే బయల్దేరే వేళయినట్టు. ఆసుపత్రి దూరమైనా, మునుపు సిజేరియన్ అయినా, డాక్టర్ ముందే రమ్మని చెప్పినా అంతసేపు ఆగకూడదు.

నొప్పులతో సంబంధం లేకుండా వెంటనే వెళ్లాల్సిన సందర్భాలూ ఉన్నాయి. ఉమ్మనీరు పోవడం, రక్తస్రావం, బిడ్డ కదలికలు తగ్గడం, తీవ్రమైన తలనొప్పితో చూపు మసకబారడం అలాంటివే. అప్పుడు "కంగారు పడకు, తగ్గిపోతుందిలే" అనడం ధైర్యం చెప్పడం కాదు. 108కి ఫోన్ చేయడమే స్నేహం.

కాబోయే తండ్రిని మాత్రం ఎవరూ పెద్దగా పలకరించరు. వరండాలో అటూ ఇటూ తిరిగే ఆయనకు "నువ్వు భోంచేశావా? ఇంటి దగ్గర పెద్దవాళ్లను నేను చూసుకుంటాను" అనే మిత్రుడు ఒకడుండాలి. ఆయన కుదురుగా ఉంటే లోపల ఉన్న ఆమెకూ మేలు.

ప్రసవ సమయంలో తల్లి కోరుకున్న మనిషి పక్కన ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ప్రభుత్వాసుపత్రుల్లో తోడును అనుమతించాలని 2016లోనే కేంద్ర ఆరోగ్యశాఖ నిర్ణయించింది. కాన్పు చూసిన ఆడమనిషికి ప్రాధాన్యం ఇస్తారు, మిగతా గర్భిణుల మరుగుకు భంగం కలగని ఏర్పాటున్న చోట భర్తనూ రానిస్తారు. అయినా చాలాచోట్ల తలుపు దగ్గరే ఆపేస్తారు. నొప్పులు మొదలయ్యాక వాదించే ఓపిక ఎవరికీ ఉండదు. అందుకే మీ స్నేహితురాలికి తొమ్మిదో నెల రాగానే ఆమెతో కలిసి ఆసుపత్రికి వెళ్లండి. లోపలికి ఎవరిని రానిస్తారో అడిగి, ఆ మనిషి పేరు ముందే చెప్పి రండి.